నేను తీసేసిన అరసున్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు పద్యాల పుస్తకాలు. కిందటేడు పిల్లల పద్యాల పోటీ పెట్టేవాళ్ళు ఒక చిన్న పుస్తకం పని ఇచ్చారు. గజేంద్రమోక్షంలోంచి ఏరిన పద్యాలు. ప్రూఫు చూసి, "అక్షరాల మధ్య ఈ సగం సున్నలేమిటండీ, పిల్లలు తడబడుతున్నారు, తీసేయండి" అన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, పై గడిలో ఁ పెట్టి, కింది గడి ఖాళీగా వదిలి ఒక్క నొక్కు నొక్కాను. పేజీ శుభ్రంగా కనపడింది. బిల్లు తీసుకున్నాను, మర్చిపోయాను.

నెల తర్వాత గుంటూరు వెళ్ళాను, బ్రాడీపేటలో అక్క వాళ్ళింటికి. మేనకోడలు ఎనిమిదో తరగతి. అదే పుస్తకం చేతిలో పట్టుకుని పోటీకి బట్టీ కొడుతోంది. గొంతు బాగుంది, ఎక్కడా తప్పు పోలేదు. అర్థం చెప్పమ్మా అన్నాను. మొసలి ఏనుగుని పట్టుకుంది, రెండూ కొట్టుకున్నాయి, ఎవరూ తగ్గలేదు అని గబగబా చెప్పేసింది. సరే, మొదటి రెండు పాదాలకి మాటామాటా చెప్పు అన్నాను.

"ఏనుగు దిగుతోంది మామయ్యా, మొసలి మడుగుకి వచ్చింది. తర్వాత ఏనుగు ఒడ్డుకి వచ్చింది, మొసలి దిగుతోంది."

మరి ఎవరు ఎవర్ని లాగారు? "లాగడం ఇక్కడ లేదుగా, అది కథలో ఉంది" అంది. పుస్తకం తీసుకుని చూశాను. నిజమే. నేను అచ్చువేసిన పేజీలో లాగడం లేదు.

కరి దిగుచు మకరి సరసికి
గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికి గరి
భర మనుచును నతల కుతల భటు లరుదుపడన్

ఆ పేజీ ప్రకారం ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కరి దిగుచు, ఏనుగు దిగుతూ. మకరి దిగుచు, మొసలి దిగుతూ. తప్పు అచ్చులో ఉంది, ఆ తప్పు చేసిన చేయి నాది. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒక్క చుక్క పోతే ఏం పోయింది

పోతన రాసింది ఇలా ఉంటుంది.

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లరుదుపడన్

మొదటి మాట కరి కాదు, కరిన్. అంటే ఏనుగుని. రెండో మాట దిగుచు కాదు, తిగుచు. తిగుచు అంటే లాగు. ముందు మాట చివర న్ ఉంటే తర్వాత వచ్చే త మెత్తబడి ద అవుతుంది, ఆ న్ తగ్గిపోయి అరసున్న అవుతుంది. కరిన్, తిగుచు కలిసి కరిఁ దిగుచు. ఇప్పుడు సున్న తీసేస్తే ఏం జరుగుతుందో చూడండి. న్ పోయింది కాబట్టి ఏనుగు "ని" పోయింది. న్ ఉందన్న గుర్తు పోయింది కాబట్టి ద ఎందుకు వచ్చిందో తెలియదు, తిగుచు పోయి దిగుచు మిగిలింది. లాగబడేది పోయింది, లాగడమూ పోయింది. ఒక్క నొక్కుతో కర్మనీ క్రియనీ రెండింటినీ తుడిచేశాను.

మామూలు మాటల్లోకి తెస్తే వాక్యాలు ఇవి: మకరి కరిని సరసికి లాగుతుంది. కరి మకరిని దరికి లాగుతుంది. మనం రోజూ మాట్లాడే వరస ఇదే, చేసేవాడు, చేయబడేది, చోటు, పని. పోతన మొదటి పాదంలో దీన్ని పూర్తిగా తిరగేశాడు. చేయబడేది ముందు, పని తర్వాత, చేసేది మూడోది, చోటు చివర. రెండో పాదంలో చేసేది ముందు, చోటు తర్వాత, చేయబడేది మూడోది, పని చివర. రెండు పాదాలూ కరితోనే మొదలవుతాయి, కానీ మొదటి కరి లాగబడేది, రెండో కరి లాగేది. తేడా అంతా ఆ చుక్కలో ఉంది. మొదటిదాని పక్కన ఉంది, రెండోదాని పక్కన లేదు.

రెండో పాదం గరి అని మొదలైందేమిటి అని మేనకోడలు అడిగింది. అది కరే. పై పాదం చివర సరసికిన్ అని న్ ఉంది, దాని దెబ్బకి క గ అయింది. ఆ సున్న సరసికి చెందినది, కరికి చెందినది కాదు. పద్యం చదివేటప్పుడు ఒక సున్న ఎవరి సొత్తో చూసుకోకపోతే మొత్తం తారుమారవుతుంది.

ఇలా తిరగేయకపోతే ఏం అని అడగొచ్చు. మొసలి ముందు రావచ్చుగా? రాలేదు. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి, ఇక్కడ అది ర. కరి, గరి, గరి, భర. మకరితో పాదం మొదలుపెడితే రెండో అక్షరం క అవుతుంది, ప్రాస చచ్చిపోతుంది. ఈ కందంలో మకరి పాదానికి మొదట కూర్చోలేదు. పైగా రెండో పాదంలో గరి అన్న గ కి యతిగా నాలుగో గణం మొదట గరకరి రావాలి, కాబట్టి దాని ముందున్న మాటలన్నీ ఆ కొలతలో సర్దుకోవాలి. అందుకే మాటల చోటు మారింది. చోటు మారినా ఎవరు ఎవర్ని అన్నది చెడకుండా కాపాడుతున్నవి విభక్తులు. ఆ విభక్తులు ఈ పద్యంలో అరసున్నగా మిగిలాయి.

చు దగ్గర నేను పడ్డ పొరపాటు

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నేను చాలా ఏళ్ళు తిగుచు అంటే లాగుతూ అనుకున్నాను. వచ్చుచు, పోవుచు అంటే వస్తూ, పోతూ కదా, అలాగే ఇదీ అని. అలా అనుకుంటే మొసలి లాగుతూ, ఏనుగు లాగుతూ, ఏం చేశాయి? వాక్యం ఎక్కడ ఆగింది? పద్యమంతా వెతికినా ఆగదు. దీని తర్వాత వచనం "ఇట్లు కరిమకరంబులు రెండును" అని మొదలవుతుంది, బహుశా వాక్యం అక్కడ పూర్తవుతుందేమో అని సరిపెట్టుకున్నాను.

మా షాపుకి ప్రూఫులు దిద్దడానికి వచ్చే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరు దాన్ని విడదీశారు. తిగుచు అన్న ధాతువులోనే చు ఉందయ్యా, పిలుచు, తలచు లాగా అన్నారు. లాగుతూ అనాలంటే తిగుచుచు అని రెండు చు లు కావాలి. ఒకే చు ఉంది కాబట్టి ఇది లాగును, లాగుతుంది. వాక్యం అక్కడే అయిపోయింది. రెండు పాదాల్లో రెండు పూర్తి వాక్యాలు.

నాకు అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. పాడు పిట్ట అంటే పాడే పిట్ట అయినట్టు, తిగుచు మకరి అంటే లాగే మొసలి ఎందుకు కాకూడదు? "కరిఁ దిగుచు మకరి", ఏనుగుని లాగే మొసలి. వ్యాకరణం అడ్డు చెప్పదు. మాస్టారు జవాబు చెప్పలేదు, అలా పెట్టి చదివి చూడు అన్నారు. చదివాను. ఏనుగుని లాగే మొసలి, మడుగుకి... తర్వాత? సరసికి అన్న మాటని అందుకునే పని లేదు, అది గాల్లో వేలాడుతోంది. రెండో పాదంలో మరీ కుదరదు. అక్కడ తిగుచు తర్వాత వచ్చేది గరకరి, అంటే కరకరి, రెండింటి మధ్య పెరిగే క్రౌర్యం. మకరిని లాగే క్రౌర్యం అనుకుంటే ముందున్న కరికి పని లేకుండా పోతుంది. కాబట్టి రెండో పాదంలో అది పూర్తి క్రియే, దాని అద్దంలాంటి మొదటి పాదంలోనూ అదే.

అన్వయం చేయడమంటే నాకు ఆ రోజు తెలిసింది. మాటల్ని మామూలు వరసలో పేర్చడం సగం పనే. పేర్చాక ఒక్క మాట కూడా ఖాళీగా మిగలకూడదు, ప్రతి మాటనీ ఎవరో ఒకరు అడిగి ఉండాలి. ముందు క్రియని పట్టుకుంటాం. లాగుతుంది. ఏది? దేన్ని? ఎక్కడికి? అడుగుతూ పోతే మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఏదైనా మిగిలిపోయిందంటే మనం ఎక్కడో తప్పు తలుపు కొట్టామన్నమాట. ఇది కొత్త పద్ధతేమీ కాదు, సంస్కృత వ్యాఖ్యాతలు ఖండాన్వయం అని చేసేది ఇదే. మన మల్లినాథసూరి తన వ్యాఖ్య మొదట్లోనే అంతా అన్వయముఖంగానే చెబుతానని ప్రతిజ్ఞ చేసి మరీ మొదలుపెట్టాడు.

మూడు, నాలుగు పాదాలకి అదే ప్రశ్న వేయండి. అనుచును, అంటూ. ఎవరు? మేనకోడలు ఏనుగు, మొసలి అనుకుంది, ఎందుకంటే ఆ మాటకి దగ్గర్లో అవే ఉన్నాయి. కానీ అనేవాళ్ళు పాదం చివర్లో ఉన్నారు, అతల కుతల భటులు. కింద అతలలోకంలో వీరులు, పైన కుతలం, అంటే భూతలం మీద వీరులు. కరికి మకరి భరము, మకరికి కరి భరము అంటూ వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. భరము అన్న మాట ఒక్కసారే ఉంది, రెండు వాక్యాలకీ పంచుకోవాలి. మొదటి రెండు పాదాల్లో పోరాటం, తర్వాత దాన్ని చూస్తున్నవాళ్ళ మాట. అనుచుకి కర్త తెలిసేదాకా ఈ పద్యంలో ప్రేక్షకులు ఉన్నారన్న సంగతే తెలియదు.

బాబాయిగారి అభ్యంతరం

ఇదంతా మా వీధిలో ఒక పెద్దాయనకి చెప్పాను. ఒకప్పుడు తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టినవారు, నేను బాబాయిగారూ అంటాను. ఆయనకి ఇది అస్సలు నచ్చలేదు.

"పద్యాన్ని ఎముకలు విరిచి గోనెలో వేసినట్టుందిరా అబ్బాయ్. మొసలి ఏనుగుని మడుగులోకి లాగుతుంది అన్నాక ఇంకేముంది అందులో? చెవికి వినపడాలి పద్యం" అన్నారు. అని ఆ కందం చదివారు. దాదాపు అన్నీ లఘువులే, ఊపిరి తీసుకోనివ్వదు. కరి మకరి సరసి కరి దరి మకరి, అటూ ఇటూ అటూ ఇటూ. తాడు లాగుడు పోటీ లాగా మాటలే ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. మొదటి పాదం సరసి దగ్గర ఆగుతుంది, మడుగు గెలిచినట్టు. రెండో పాదం దరి వైపు వెనక్కి లాగుతుంది. నేను పేర్చిన వాక్యాల్లో ఇది లేదు, ఒప్పుకోవాలి.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. "అరసున్న నేను పలికానా? ఎవరైనా పలుకుతున్నారా? వినేవాడికి మరి ఎలా తెలుస్తోంది? మొసలి నీళ్ళలోకి లాగుతుంది గానీ ఏనుగు లాగుతుందా? బుర్ర ఉన్నవాడికి విభక్తి అక్కర్లేదు."

రెండు రోజులు దీని గురించే ఆలోచించాను. ఈ పద్యం వరకు ఆయన మాట నిజం. మొసలి ఉండేది మడుగులో, ఏనుగు ఉండేది గట్టు మీద, మాటల్ని ఎలా కలగలిపినా లోకజ్ఞానం సర్దిపెడుతుంది. మేనకోడలు తాత్పర్యం సరిగ్గా చెప్పిందీ అందుకే, కథ ముందే తెలుసు. కానీ నా బాధ సరిగ్గా అక్కడే. కథ తెలిసినవాడు పద్యం చదవకుండానే తాత్పర్యం చెప్పేస్తాడు. పరీక్షలో మార్కులూ వస్తాయి. పద్యంలో ఏ మాట ఏ పని చేస్తోందో తెలుసా లేదా అన్నది తాత్పర్యంలో బయటపడదు, అన్వయంలోనే బయటపడుతుంది. గైడుల్లో ప్రతిపదార్థం ఉంటుంది గదా అంటారేమో. అది పద్యంలో మాటలు పడిన వరసలోనే ఉంటుంది, పిల్లలు దాన్ని కిరాణా చీటీలా పైనుంచి కిందికి బట్టీ కొడతారు. అందుకే తాత్పర్యం కంటే ముందు, ప్రతిపదార్థం కంటే కూడా ముందు, అన్వయం ఒక వాక్యంగా రాయించాలని నా పట్టుదల.

లోకజ్ఞానం చేయి అందించని పద్యాలు ఉన్నాయి. బాబాయిగారు వేదిక మీద వందసార్లు కృష్ణుడై నిలబడ్డారు కాబట్టి కృష్ణుడి పద్యమే ఆయన ముందు పెట్టాను.

ఎవరికి చేటు

తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో అన్న పద్యం. అందరికీ నోటికి వచ్చిందే.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

ఇక్కడ మొసలీ లేదు, మడుగూ లేదు. ధర్మం, సత్యం, పాపం, బొంకు, దక్షులు, దైవం. ఎవరు ఎవర్ని ఏం చేశారో కథ చెప్పదు, వాక్యమే చెప్పాలి.

మొదటి చిక్కు మొదటి మాటలోనే. ధర్మమున్, సత్యమున్. రెండింటికీ న్ ఉంది. సత్యముఁ బాపము అన్నచోట ప కాస్తా బ అయింది, అరసున్న ఉంది, కాబట్టి న్ ఉన్నమాట ఖాయం. అది ఒట్టి ప్రథమావిభక్తి అయితే సత్యము వాపము అని వ అయినా కావాలి, లేదా ప గానే ఉండాలి. అయితే కరిఁ లాగా ఇదీ కర్మేనా? ధర్మాన్ని, సత్యాన్ని ఎవరో ఏదో చేశారా? క్రియ కోసం వెతికితే పొందలేక, చెడబాఱినది కనపడతాయి. చెడబాఱడం అంటే చెడిపోవడం, దానికి కర్మ ఉండదు. కాబట్టి ఈ న్ "ని" కాదు, "నూ". ధర్మమూ సత్యమూ. ఒకే చుక్క ఒకచోట లాగబడేదాన్ని చూపించింది, ఇంకోచోట రెండింటిని జోడిస్తోంది. అరసున్న మొత్తం చెప్పేయదు, ఇక్కడొక న్ ఉంది, చూసుకో అంటుందంతే. ఏ న్ అన్నది క్రియని అడగాలి.

రెండో చిక్కు, పారము పొందలేకపోయింది ఎవరు? దగ్గర్లో దక్షులు ఉన్నారు, సమర్థులు. సమర్థులు ఒడ్డు చేరలేకపోయారు అని చదివినవాళ్ళని చూశాను. కానీ పొందలేక అన్నవాడే తర్వాతి పనీ చేయాలి. తర్వాతి పని చెడబాఱినది. బాఱినది అంటే నపుంసకం, దక్షులైతే బాఱినవారు కావాలి. కాబట్టి ఒడ్డు చేరలేనివి ధర్మం, సత్యం. ధర్మం పాపం చేత, సత్యం బొంకు చేత, వరసగా ఒకదానికొకటి.

ఇది తేలాక పద్యంలో ఒక బొమ్మ లేస్తుంది. నేను రోజూ ప్రకాశం బ్యారేజి మీదుగా ఉండవల్లి నుంచి పనికి వస్తాను. నది మధ్యలో ఉన్నవాడికి అవతలి గట్టు అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పారం అంటే ఆ గట్టు. మొదట్లో ధర్మం, సత్యం ఏటి మధ్యలో మునిగిపోతున్నాయి. గట్టు మీద చేయి అందించగలిగినవాళ్ళు నిలబడి ఉన్నారు, చూస్తూ ఊరుకున్నారు. నాలుగో పాదంలో దైవం ధర్మనిస్తారకం, అంటే ధర్మాన్ని దాటించేది. పారం రెండో పాదం మొదట ఉంది, నిస్తారకం మూడో పాదం చివర మొదలై నాలుగో పాదంలోకి వచ్చింది. పారం పొందలేనివాళ్ళు దక్షులు అనుకుంటే ఈ రెండు మాటలూ ఎప్పటికీ కలుసుకోవు. వ్యాసభారతంలో ఈ చోట ధర్మం అధర్మం చేత, సత్యం అసత్యం చేత చూస్తుండగా చంపబడితే అక్కడ చచ్చినవాళ్ళు సభాసదులే అని ఉంటుంది, "హతాస్తత్ర సభాసదః". ఆ చావుని తిక్కన ఏరుగా మార్చాడు, దాటించే దైవాన్ని చివర తెచ్చిపెట్టాడు.

మూడో పాదంలో వరస మారడానికి కారణం ఛందస్సే, కానీ ఎంత బాగా మారిందో చూడండి. ఎవ్వారలు ఉపేక్ష చేసిరి, అది వారల చేటు. ఎవ్వారలు అన్న మాటని విరిచి ఎ పై పాదం చివర పెట్టాడు, వ్వా కింది పాదం మొదట పడింది. దానికి యతి పదో అక్షరం, అక్కడ వారల. ఎవరో వారే అన్న జంట యతి జంటగా కూర్చుంది. ఇక్కడ అది అన్న మాట ఆ ఊరుకోవడాన్ని చూపిస్తుంది. చేటు ధర్మానిది కాదు, ఊరుకున్నవాళ్ళది. (అవస్థ దగ్గర విభక్తి బయటికి లేదు. ఆ అవస్థలో ఊరుకున్నారు అనొచ్చు, ఆ అవస్థని పట్టించుకోలేదు అనొచ్చు. ఎలా అన్నా ఎవరు ఎవర్ని అన్నది మారదు కాబట్టి నేను అక్కడ ఆగను.)

నాకు అసలు కష్టం వచ్చింది చివర్లో. అయ్యు అంటే అయినా సరే అన్న అర్థం ఒకటి ఉంది. దక్షులయ్యు ఊరుకున్నారు అంటే సమర్థులై ఉండి కూడా అని. ఆ అర్థం ఇక్కడ పెడితే? "దైవం ధర్మాన్ని దాటించేదే అయినా, సత్యానికి శుభమిచ్చేదే అయినా, ఉంటుంది." అంటే ఊరికే ఉంటుంది, దైవం కూడా గట్టు మీద నిలబడి చూస్తోంది! ఒక్క మాటతో కృష్ణుడి హామీ ఫిర్యాదు అయిపోతుంది. ఇది నాకు ఒక రాత్రి తట్టి భయం వేసింది, తెల్లారి మాస్టారికి ఫోన్ చేశాను. రెండు అయ్యులు పక్కపక్కన వచ్చాయి కాబట్టి ఇది దాటించేదీ, ఇచ్చేదీ అయి అని జోడింపు అన్నారు. రెండుసార్లు వచ్చినంత మాత్రాన జోడింపే కావాలని లేదుగా, వచ్చియు చూచియు పలకలేదు అనమా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే గాని ని అడుగు" అన్నారు.

చేటగుఁ గాని. ఆ గాని రెండు వాక్యాలకీ మధ్య నిలబడి ఉంది. చేటు వాళ్ళదవుతుంది గాని, అన్న తర్వాత దానికి ఎదురు మాట రావాలి. దైవం కూడా ఊరుకుంటుంది అన్నది ఎదురు మాట కాదు, అదే మాట ఇంకోసారి. పైగా ఆ అర్థానికి ఊరికే అన్న మాట బయటి నుంచి అప్పు తేవాలి, పద్యంలో లేదు. దాటించేదై, శుభమిచ్చేదై ఉంటుంది అంటే అప్పు తేవక్కర్లేదు, ఉండెడున్ అన్న క్రియకి కావలసినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. రెండు అన్వయాలు కుదురుతున్నట్టు కనపడితే తక్కువ అప్పు చేసినదాన్ని నేను నమ్ముతాను. ఇది వ్యాకరణసూత్రం కాదు, ఇన్నేళ్ళు ప్రూఫులు చూసినవాడి అలవాటు.

బాబాయిగారు ఇదంతా విన్నారు. ఒప్పుకున్నానని అనలేదు. మళ్ళీ ఆ పద్యం చదివారు, ఈసారి పొందలేక దగ్గర ఆగకుండా చెడబాఱినదైన దాకా ఒక్క ఊపిరిలో వెళ్ళి, అవస్థ తర్వాత ఆగి, దక్షులు అన్న మాటని సభ వైపు చేయి చాపి అన్నారు. "నేను ఇదివరకు ఇక్కడ దక్షులు దాకా లాగేసేవాణ్ణి" అన్నారు.

సున్నలు తిరిగి పెట్టడం

పోటీ వాళ్ళకి ఈ ఏడు మళ్ళీ పుస్తకం కావాలి. అరసున్నలు తిరిగి పెడతాను, అదనంగా డబ్బు అక్కర్లేదు అని చెప్పాను. పిల్లలు తడబడతారన్నారు మళ్ళీ. ప్రతి పద్యం కింద అన్వయం ఒక వాక్యం వేద్దాం, అప్పుడు సున్న ఎందుకుందో వాళ్ళకే తెలుస్తుంది అన్నాను. పేజీలు పెరుగుతాయని కొంచెం నసిగి ఒప్పుకున్నారు.

తీయడానికి ఒక నొక్కు సరిపోయింది. పెట్టడానికి కంప్యూటర్‌కి చెప్పే మార్గం లేదు. ద ముందు ఇ తో ఆగిన మాట కనపడితే సున్న పెట్టు అనలేం, అది కరిన్ తిగుచునో, కరి దరికో దానికి తెలియదు. మాస్టారి పాత పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో పద్యం అన్వయించుకుంటూ, U+0C01 ఒక్కోటీ చేత్తో పెట్టుకుంటూ వస్తున్నాను. రోజుకి ఐదారు పద్యాల కంటే సాగడం లేదు.

నిన్న రాత్రి ఆ కందం ప్రింటు తీసి మేనకోడలికి ఫోటో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"మామయ్యా, రెండో లైన్లో గరి పక్కన కూడా సున్న పెట్టావు."

చూశాను. పెట్టాను. పై పాదంలో కరిఁ దిగుచు అని కొట్టిన చేయి, కింద గరి దరి కనపడగానే అదే ఊపులో గరిఁ దరికిని అని కొట్టేసింది.

"అక్కడ లాగేది ఏనుగే కదా. నువ్వు పెట్టినట్టయితే రెండు లైన్లలోనూ ఏనుగునే లాగుతున్నారు, రెండోదాంట్లో మొసలిని కూడా లాగుతున్నారు, అక్కడ లాగేవాళ్ళు మాత్రం లేరు."

ఫైలు తెరిచి ఆ సున్న తీసేశాను.